రెండో మాట

స్నేహితుల ఇంట్లో విందుకు వెళ్తాం. అక్కడ ఎవరో కొత్త మనిషి కనబడతారు. వాళ్ల గురించి ముందే ఏదో విని ఉంటాం, లేదా పక్కవాళ్లకు వాళ్లు చెబుతున్న మాట ఒకటి మన చెవిన పడుతుంది. వెళ్లి మాట్లాడాలనిపిస్తుంది. మొదట ఏమనాలి అని మనసులో వాక్యాలు కూర్చుకుంటూ అక్కడే నిలబడిపోతాం. ఈలోగా ఆ మనిషి చేతులు కడుక్కుని, తాంబూలం పుచ్చుకుని బయల్దేరిపోతారు.

ఆ కూర్చుకోవడమంతా దండగ. మొదటి మాటకు తెలివి అక్కర్లేదు. పోలండులో పుట్టిన మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో చాలాకాలం ఉండి, అక్కడి జనం తీరిగ్గా కూర్చున్నప్పుడు ఏం మాట్లాడుకుంటారో గమనించాడు. ఎండ గురించో, అందరికీ తెలిసిన సంగతి గురించో సాగే ఆ మాటల్లో సమాచారం ఉండదని, పక్కపక్కన ఉన్న మనుషుల మధ్య మౌనం వల్ల కలిగే బెదురును పోగొట్టడమే వాటి పని అని 1923లో రాశాడు. మనకు ఇది అర్థం కావడానికి అంత దూరం పోనక్కర్లేదు. "భోంచేశారా?" అని అడిగేవాళ్లకు ఎదుటివారి కడుపు నిండిందా లేదా అన్న పట్టింపు పెద్దగా ఉండదు. చేతిలో ఎంగిలి పళ్లెం కనబడుతున్నా అడుగుతారు. "ఇప్పుడేనా రావడం?" అన్నదీ అంతే. ఎవరూ దాన్ని తెలివితక్కువ ప్రశ్న అనుకోరు, చక్కగా జవాబు చెబుతారు.

కాబట్టి మొదటి మాట ఎంత మామూలుగా ఉన్నా ఫరవాలేదు. పలకరింపు సహజంగా ఉందా, లాక్కొచ్చినట్టు ఉందా అన్నది వేరే రెండు చోట్ల తేలుతుంది. నోరు తెరవకముందు మీరు ఎలా వచ్చారు, ఎక్కడ నిలబడ్డారు అన్నది ఒకటి. మొదటి మాటకు జవాబు వచ్చాక మీరేమన్నారు అన్నది రెండోది.

దానికి ముందు చిన్న సంగతి ఒకటి. స్నేహితుల ఇంట్లో కొత్తవాళ్లతో మాట్లాడటానికి సాకు అవసరం లేదు. బయటి ప్రదేశాల్లో మనుషుల ప్రవర్తన మీద అమెరికాలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ఒక పుస్తకం తెచ్చాడు. బస్టాపులో, లిఫ్టులో అపరిచితులు ఎదురైతే ఒకసారి చూసి, చూశామని తెలిసేలోపు చూపు తిప్పుకుంటాం. అక్కడ అదే మర్యాద. అయితే ఎవరు ఎవరినైనా పలకరించే హక్కు ముందే ఉన్న చోట్లు కొన్ని ఉంటాయని, తెలిసినవాళ్ల ఇంట్లో విందు అలాంటిదని ఆయన అంటాడు. ఇద్దరినీ పిలిచిన మనిషే ఇద్దరికీ పూచీ. ఇది తెలియకనే చాలామంది "మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమో, ఏమీ అనుకోకపోతే ఒక్క మాట..." అంటూ మొదలుపెడతారు. ఆ క్షమాపణ వినగానే ఎదుటివాళ్లు, ఈ మనిషి ఏదో పని మీద వచ్చాడు, చందానో సిఫారసో అడుగుతాడు అని సర్దుకుని కూర్చుంటారు. బస్సులో అవసరమైన ఆ మాట ఇంట్లో ఎదురు తిరుగుతుంది. ఎనిమిది వందల మంది వచ్చే ఫంక్షన్ హాలు పెళ్లికి మాత్రం ఈ సూత్రం అంతగా వర్తించదు. అక్కడ పిలిచినవాళ్లకే సగం మంది తెలియరు. ముప్ఫై నలభై మంది చేరే గృహప్రవేశం, పుట్టినరోజు, పండగ భోజనం లాంటివి ఇక్కడ మన లెక్క.

ఇక శరీరాల సంగతి. మనుషులు కలుసుకునేటప్పుడు కాళ్లు, కళ్లు, భుజాలు ఏం చేస్తాయన్నది జీవితమంతా చూసిన పరిశోధకుడు ఆడమ్ కెండన్. ఆండ్రూ ఫెర్బర్‌తో కలిసి ఒక పుట్టినరోజు వేడుకను ఫిల్ము తీసి, అతిథులు ఒకరినొకరు పలకరించుకునే తీరును ఒక్కొక్క కదలికగా విడదీసి 1973లో వివరించాడు. బయటికి ఒక్క పలకరింపులా కనబడేదానిలో ఎన్నో అంచెలున్నాయి. ముందు ఒకరికొకరు కళ్లబడతారు. దూరం నుంచే తల ఊపో, చెయ్యెత్తో, నవ్వో ఒక పలకరింపు నడుస్తుంది. తర్వాత దగ్గరికి నడిచేటప్పుడు చూపు పక్కకు పోతుంది. బట్టలో జుట్టో సర్దుకుంటారు, ఇంకెటో చూస్తారు. బాగా దగ్గరికొచ్చాకే మళ్లీ కళ్లు కలుస్తాయి, అప్పుడు అసలు మాట వస్తుంది.

బిడియపడేవాళ్లు సరిగ్గా ఈ అంచెలనే దాటేస్తారు. అరగంట సేపు ఆ మనిషి వైపు చూడకుండా తప్పించుకుని, ఆఖరికి ధైర్యం కూడగట్టుకుని, గది ఈ చివర నుంచి ఆ చివరకు చూపు తిప్పకుండా నేరుగా నడిచి వెళ్లి నిలబడతారు. బాకీ వసూలుకు వచ్చినట్టు ఉంటుంది. మాట ఎంత మెత్తగా ఉన్నా ఆ నడక దాన్ని చెడగొడుతుంది. చెయ్యవలసింది దీనికి తిరగేసి. వచ్చిన కొత్తలోనే ఒకసారి కళ్లు కలిసినప్పుడు చిన్నగా తల ఊపి, లేదా నమస్కారం పెట్టి, మీ దారిన మీరు పోవాలి. మన నమస్కారంలో ఉన్న సౌకర్యం ఇదే. పదడుగుల దూరం నుంచీ చెల్లుతుంది, చెయ్యి కలపాల్సిన పని లేదు, మాట కలపాల్సిన బాధ్యతా లేదు. మరో అరగంటకు కాఫీ దగ్గర ఇద్దరూ ఎదురైతే అప్పటికి మీరు పూర్తిగా కొత్తవాళ్లు కారు. ఒక విడత అయిపోయింది.

ఆ మనిషి ఇప్పటికే ఇంకెవరితోనో మాట్లాడుతుంటే? నిలబడి మాట్లాడుకునేవాళ్లు తమ మధ్య కొంత ఖాళీ జాగా ఉంచుకుంటారని, దాని చుట్టూ ఒకరికొకరు అందేలా సర్దుకుని నిలబడతారని కెండనే వివరించాడు. ఆ జాగా వాళ్లది. బయటివాళ్లు దానిలోంచి నడవరు, తప్పనిసరైతే తల వంచుకుని దాటుతారు. ఇది తెలిసినవాళ్లకు ఏ గుంపులో చేరవచ్చో దూరం నుంచే కనబడుతుంది. ఇద్దరు ముఖాముఖి, భుజాలు సమాంతరంగా పెట్టి నిలబడ్డారంటే తలుపు వేసుకున్నట్టే. ఆస్తి తగాదానో సంబంధం మాటో నడుస్తుండవచ్చు. వదిలెయ్యాలి. ఇద్దరూ మూలమట్టం ఆకారంలో ఒకరికొకరు పక్కవాటుగా నిలబడి, ఎదురు వైపు తెరిచి ఉంచితే మూడో మనిషికి చోటుంది.

చేరేటప్పుడు ఏమీ అనక్కర్లేదు. అంచున నిలబడి వినడం, వాళ్లు నవ్విన చోట నవ్వడం చాలు. అప్పుడు వాళ్ల కాళ్ల వైపు చూడండి. ఎవరో ఒకరు అరడుగు వెనక్కో పక్కకో జరిగితే మిమ్మల్ని కలుపుకున్నారన్నమాట. తల మాత్రమే మీ వైపు తిరిగి, నడుమూ పాదాలూ ఉన్నచోటే ఉంటే, అది మర్యాదకు చేసిన పలకరింపు. నడుస్తున్న కబురు పూర్తయ్యేదాకా ఉండి, మంచినీళ్ల వైపు కదిలిపోతే ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంకో లెక్క కూడా పనికొస్తుంది. దానంతటదే ఏర్పడే సంభాషణల్లో సాధారణంగా నలుగురికి మించి ఇమడరని రాబిన్ డన్బార్ బృందం 1995లో చూపించింది. ఐదో మనిషి చేరితే కాసేపటికి ఆ గుంపు రెండుగా చీలుతుంది. మనం మాట్లాడదలచుకున్న మనిషి నలుగురిలో ఉంటే నిరాశపడనక్కర్లేదు. ఐదోవాళ్లుగా ఆ మనిషి పక్కన నిలబడితే, ఆ చీలికలో ఇద్దరూ ఒక వైపు మిగలవచ్చు.

అసలు ఇంత శ్రమ లేకుండా చేసే ఏర్పాట్లు మన విందుల్లో ముందునుంచీ ఉన్నాయి. వాటిలో గొప్పది బంతి భోజనం. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో వడ్డించేవాళ్లు, ఖాళీ విస్తళ్లు నిర్ణయిస్తాయి. ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు కాబట్టి కళ్లలోకి చూడాల్సిన ఒత్తిడి లేదు. మధ్యలో మౌనం వచ్చినా చేతికి పనుంది. పప్పు వచ్చినప్పుడు ఒక మాట, పులిహోర వచ్చినప్పుడు ఒక మాట, మధ్యలో ఖాళీ. బఫే వచ్చి ఈ సుఖం పోయింది. పళ్లెం ఒక చేత్తో, గ్లాసు ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషిని పలకరిస్తే, నోట్లో ముద్దతో జవాబు చెప్పలేక పాపం నవ్వుతారు. బఫేలో మాట కలపడానికి వరుసలో నిలబడ్డ సమయం మంచిది, పళ్లెం నిండాక మంచిది కాదు. ఐస్‌క్రీము దగ్గర మళ్లీ మంచి సమయం మొదలవుతుంది.

నిజంగా బిడియం ఉన్నవాళ్లకు నేను చెప్పే ఉపాయం వడ్డన. ఇంటివాళ్లను అడిగి నీళ్ల జగ్గో కాఫీ పళ్లెమో చేతిలోకి తీసుకోండి. ఆ ఇంట్లో ఎవరి దగ్గరికైనా వెళ్లే హక్కు వచ్చేస్తుంది. మొదటి మాట వెతుక్కోనక్కర్లేదు, "పంచదార సరిపోయిందాండీ?" అన్నది చాలు. ముఖ్యంగా, ఆ మాటకు స్పందన లేకపోతే ఆగిపోవాల్సిన అవమానం లేదు. పక్కవాళ్లకు కాఫీ ఇవ్వాలి కదా.

ఇంటివాళ్ల సాయం ఇంకో రకంగానూ అడగవచ్చు. చాలామంది "నన్ను ఆయనకు పరిచయం చెయ్యి" అంటారు. అప్పుడు ఇంటాయన మిమ్మల్ని రెక్క పట్టుకుని తీసుకెళ్లి "ఈయన పెద్ద సైంటిస్టు, వీడు మా ఫ్రెండు, మీరిద్దరూ మాట్లాడుకోండి" అని వెళ్లిపోతాడు. మిగిలిన ఇద్దరూ పెళ్లిచూపుల్లో లాగా నేల చూపులు చూస్తారు. పరిచయం బదులు ఒక్క వివరం అడగండి. "ఆవిడ ఏం చేసేవారు? ఎక్కడ?" అన్నది చాలు. ఆ ఒక్క వివరంతో ఏం చెయ్యవచ్చో ఒక సందర్భం ఊహించుకుని చూద్దాం.

హైదరాబాదు శివారులో మీ స్నేహితురాలి ఫ్లాట్ గృహప్రవేశం. సాయంత్రం మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. డెబ్భై దాటిన ఒకావిడ ఓ పక్కన కాఫీ తాగుతున్నారు. ఆవిడ మీ స్నేహితురాలి అత్తగారి అక్క, రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారని తెలిసింది. ట్రంక్ కాళ్లు బుక్ చేసుకుని గంటల తరబడి ఎదురుచూసిన కాలంలో, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని, బోర్డు మీద దీపం వెలిగిన చోట తీగ గుచ్చి ఊరికీ ఊరికీ మాట కలిపిన మనిషి. మీకు ఆవిడతో మాట్లాడాలని ఉంది.

చాలామంది ఇలా మొదలుపెడతారు. "నమస్తే అండీ! మీరు టెలిఫోన్ ఆపరేటరుగా చేశారటగా! ఎంత ఇంట్రెస్టింగో! ఆ రోజుల గురించి చెప్పండి."

"ఏముందమ్మా చెప్పడానికి. ఉద్యోగం చేశాం, రిటైరయ్యాం."

అయిపోయింది. ఇక్కడ ఆవిడ తప్పేమీ లేదు. ముప్ఫై ఏళ్లను ఒక్కసారిగా ఎత్తి చేతిలో పెట్టమంటే ఎవరైనా అదే అంటారు. జ్ఞాపకం అంత పెద్ద ప్రశ్నకు కదలదు. పైగా "ఎంత ఇంట్రెస్టింగో" అనడంతో, ఇప్పుడు చెప్పబోయేది ఆసక్తిగా ఉండి తీరాలన్న బరువు ఆవిడ మీద పడింది.

ఇప్పుడు ఇంకో రకంగా.

"ఈ కుర్చీ ఖాళీయేనాండీ?"

"కూర్చోమ్మా."

"పొద్దున పాలు పొంగించేటప్పుడు అగ్గిపెట్టె కోసం అందరినీ పరుగులు పెట్టించింది మీరే కదూ?"

"మరి? కొత్త స్టవ్వు కొన్నారు, లైటర్ కొనలేదు. ముహూర్తం ఆగుతుందా?"

ఇంతవరకూ జరిగినదంతా భోంచేశారా కోవలోదే. ఇద్దరూ చూసిన సంగతి, ఇద్దరూ ఉన్న చోటు. కాసేపు ఆగండి. కాఫీ తాగండి. తర్వాత:

"మీరు ఎక్స్ఛేంజిలో చేశారని మీ అమ్మాయి చెప్పింది. మా తాతయ్య పీపీ కాల్, పీపీ కాల్ అంటుండేవారు. అదేమిటో నాకు ఇప్పటికీ తెలీదండీ."

"పీపీ అంటే ఫలానా మనిషే కావాలని. ఆయన లైన్లోకి వస్తేనే కలపాలి. ఊళ్లో ఫోను ఒకరింట్లోనో ఇద్దరిళ్లలోనో ఉండేది. వాళ్లు కుర్రాణ్ణి పంపి ఆయన్ని పిలిపించాలి."

"ఆయన వచ్చేదాకా మీరేం చేసేవారు? లైను పట్టుకుని ఉండాలా?"

"అదెక్కడ కుదురుతుందమ్మా, ఇంకో పది దీపాలు వెలుగుతుంటే. మళ్లీ చేస్తామని చెప్పి పెట్టెయ్యడమే. కలిపాక మాత్రం చూసుకోవాలి. మూడు నిమిషాలైతే మధ్యలో వెళ్లి చెప్పాలి."

"మధ్యలోనా? అంటే వాళ్ల మాటలు మీకు వినబడేవా?"

ఆవిడ నవ్వారు. "వినకూడదని రూలు. చెవికి రూలేముంటుంది? పెళ్లి సంబంధాలు కుదరడం విన్నాం, పోయిన కబుర్లు విన్నాం. ఏడుస్తున్నవాళ్లకు 'త్రీ మినిట్స్ ఓవర్' అని చెప్పాలంటే నోరు రాదు. ఒక్కోసారి చెప్పేదాన్ని కాదు."

"మా అమ్మకు వాళ్ల నాన్న పోయిన కబురు అలా ట్రంక్ కాల్‌లోనే వచ్చిందటండీ. పోస్టుమాస్టరు గారింటికి వెళ్లి మాట్లాడిందట."

"ఏ ఊరమ్మా మీది?"

ఈ సంభాషణ ఎక్కడ నిలబడిందో చూడండి. పీపీ కాల్ గురించి అడిగిన ప్రశ్న చాలా చిన్నది. ఆవిడకు జవాబు ఖాయంగా తెలిసినది, రెండు ముక్కల్లో చెప్పగలిగినది. అది ఎక్కడో చదివినది కాదు, అడిగిన మనిషి ఇంట్లోంచి వచ్చింది. అందువల్ల ఇంటర్వ్యూలా లేదు. అయినా ఇది కూడా తలుపు తట్టడమే. తలుపు తెరిచింది ఆ తర్వాతి ప్రశ్న, "ఆయన వచ్చేదాకా మీరేం చేసేవారు?" అన్నది. ముందే సిద్ధం చేసుకుని తెచ్చుకోలేని ప్రశ్న అది. ఆవిడ జవాబు వినకపోతే పుట్టదు. నేను రెండో మాట అంటున్నది దీన్నే. "మధ్యలోనా?" అన్నదీ అలాంటిదే, ఆవిడ వాడిన మాటే వెనక్కి వెళ్లింది.

హార్వర్డులో కొందరు మనస్తత్వ పరిశోధకులు కొత్తవాళ్లను జతలుగా మాట్లాడించి, ఎవరు ఎన్ని ప్రశ్నలు, ఎలాంటివి అడిగారో చూసి 2017లో ప్రకటించారు. ఎక్కువ ప్రశ్నలు అడిగినవాళ్లు ఎదుటివాళ్లకు ఎక్కువ నచ్చారు. ఆ నచ్చడంలో ఎక్కువ పాలు ఎదుటివాళ్ల జవాబులోంచి తీసి అడిగిన ప్రశ్నలదే. విన్నాను అని నోటితో చెప్పనక్కర్లేకుండా చెప్పేది అదొక్కటే కదా. అయితే లెక్క తప్పితే ఇదే విచారణ అవుతుంది. వరసగా మూడు నాలుగు ప్రశ్నలు వేశాక మీ వైపు నుంచి ఏదో ఒకటి ఇవ్వకపోతే, ఎదుటివాళ్లకు తమ సంగతులన్నీ బయటపెట్టేసి మీ గురించి ఏమీ తెలియకుండా మిగిలామన్న ఇబ్బంది కలుగుతుంది. పై సందర్భంలో అమ్మకు వచ్చిన ఫోను కబురు ఆ పని చేసింది. అది విన్నాకే ఆవిడ తన మొదటి ప్రశ్న అడిగారు. ఎదుటివాళ్లు మిమ్మల్ని ఏదైనా తిరిగి అడిగితే సంభాషణ ఇద్దరిదీ అయిందని గుర్తు. పావుగంట గడిచినా వాళ్ల నుంచి ఒక్క ప్రశ్న రాలేదంటే, వాళ్లు మర్యాదకు కూర్చున్నారేమో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఆవిడ అడిగిన "ఏ ఊరమ్మా మీది?" దగ్గర కాస్త ఆగుదాం. డగ్లస్ మేనార్డ్, డాన్ జిమ్మర్‌మన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో ఒకరికొకరు తెలియని విద్యార్థుల మాటలు రికార్డు చేసి 1984లో విశ్లేషించారు. ముందు తామున్న గది గురించో ఆ పరిస్థితి గురించో మాట్లాడతారు, తర్వాత ఏ సంవత్సరం చదువుతున్నావు, ఎక్కడి నుంచి వచ్చావు అని ఒకరి కోవ ఒకరు కనుక్కుంటారు, అందులోంచి మాట్లాడుకోవడానికి విషయం దొరుకుతుందేమో చూస్తారు. మనమూ అంతే. మీరెవరి తరఫు, ఏ ఊరు, ఏం చేస్తుంటారు.

తెలుగువాళ్ల మధ్య మాత్రం ఈ వరసలో ఒక ముల్లుంది. ఊరి తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరు తర్వాత "ఫలానావాళ్లు మీకేమవుతారు" వచ్చాయంటే, అడుగుతున్నది ఊరి గురించి కాదని ఇద్దరికీ తెలుసు. కులం కనుక్కునే దారి అది. ఎన్నోసార్లు ఆ దారిలో నడిపించబడ్డవాళ్లు "ఏ ఊరు?" అన్న తొలి ప్రశ్నకే బిగుసుకుంటారు. జిల్లా పేరు చెప్పి ఆపేస్తారు. అడిగినవాళ్ల మనసులో ఏమీ లేకపోవచ్చు, కానీ విన్నవాళ్లకు అది ఎలా తెలుస్తుంది? రెండో ప్రశ్నతోనే తెలుస్తుంది. ఎవరైనా తమది బొబ్బిలి అన్నారనుకోండి. "అక్కడ ఎవరు మీరు?" అంటే ఒక దారి. "వీణలు మీ ఇంటి దగ్గర చేసేవారా? ఒకే పనసమానులోంచి తొలుస్తారంటారు, నిజమేనా?" అంటే ఇంకో దారి. ఊరి పేరు విన్నాక ఊళ్లోకి వెళ్లాలి, ఇంట్లోకి కాదు. ఆ మాటకొస్తే కొత్తవాళ్లను మొదటే ఊరు అడగడం నాకు నచ్చదు. టెలిఫోన్ ఆవిడ అడిగినట్టు, అడగడానికి కారణం ఏర్పడ్డాక అడిగితే అందులో అనుమానించడానికేమీ ఉండదు. పెళ్లయిందా, పిల్లలెంతమంది, జీతమెంత అన్నవాటికీ ఇదే వర్తిస్తుంది. పెద్దవాళ్లు ప్రేమగానే అడుగుతారు, విని తప్పించుకుపోయే కుర్రాళ్లు ప్రతి విందులోనూ కనబడతారు.

ఏం చేస్తారో అందరికీ తెలిసిన మనుషులతో ఇంకో చిక్కు. డాక్టరు కనబడగానే మోకాలు చూపిస్తారు, లాయరుకు స్థలం గొడవ చెబుతారు, సినిమా రంగంలో పనిచేసేవారిని హీరో నిజంగా ఎలా ఉంటాడని అడుగుతారు. వాళ్లు ఆ ప్రశ్నలకు వందసార్లు చెప్పిన జవాబే అరిగిపోయిన గొంతుతో మళ్లీ చెబుతారు. ఆ పని జోలికి పోకపోవడం ఒక మార్గం. పోతే, ఆ పనిలో బయటివాళ్లకు కనబడని మూలకు పోవాలి. సినిమా ఎడిటరును స్టార్ల గురించి అడిగే బదులు, తెర మీద తలుపు చప్పుడు వినిపిస్తే అది ఆ తలుపుదేనా అని అడిగి చూడండి.

ఇప్పుడు ఎదుటివాళ్లకు ఇష్టం లేనప్పటి గుర్తులు. జవాబులు కురచవడం ఒక్కటే చాలదు, కొందరు స్వభావం చేతే తక్కువ మాట్లాడతారు. కురచ జవాబుతో పాటు చూపు మీ భుజం మీదుగా పోతుంటే, పాదాలు తలుపు వైపో ఇంకొకరి వైపో తిరిగి ఉంటే, ఫోను చేతిలోకి వచ్చి వెనక్కి వెళ్లకపోతే వదిలెయ్యాలి. మగవాళ్లు తమకు తెలియని ఆడవాళ్లను పలకరించేటప్పుడు ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. చాలామంది ఆడవాళ్లు అయిష్టాన్ని మొహం మీద చెప్పరు, నవ్వుతూనే ఉంటారు. గోడకూ మీకూ మధ్య వాళ్లను నిలబెట్టకూడదు, వాళ్లకు వెళ్లే దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. వచ్చిన గుంపుతో పాటు పలకరించడం మేలు, వాళ్లు ఒంటరిగా మెట్ల మీదకు వెళ్లినప్పుడు వెనకాలే వెళ్లి పలకరించడం తగదు. మేకప్పు, చీర, అందం మీద మెచ్చుకోలుతో మొదలుపెడితే, తర్వాత ఎంత మంచి ప్రశ్న అడిగినా అది వేరే అర్థంలోనే వినబడుతుంది. ఏమని పిలవాలో తెలియనప్పుడు "అండీ" ఉంది. హైదరాబాదులో అన్నా, అక్కా అనడం చాలా చోట్ల చక్కగా నడుస్తుంది కానీ, దాదాపు మీ వయసే ఉన్నవాళ్లను ఆంటీ, అంకుల్ అన్నారంటే ఆ సంభాషణ అక్కడితో సరి.

ముగించడం మొదలుపెట్టడం కంటే కష్టమని నా అనుభవం. పరిశోధన కూడా అదే అంటుంది. ఆడమ్ మాస్ట్రోయానీ, మరికొందరు 2021లో ప్రకటించిన అధ్యయనంలో, ఇద్దరూ కోరుకున్న చోట ముగిసిన సంభాషణలు బహు అరుదు. కొందరు ముందే ముగిసిపోవాలనుకున్నారు, ఇంకొందరు ఇంకాసేపు సాగాలనుకున్నారు, ఎదుటివాళ్లేమనుకుంటున్నారో వాళ్లకు సరిగ్గా తెలియలేదు. విందులో దీనికి సహజమైన ఆపులున్నాయి. కాఫీ కప్పు ఖాళీ అయింది, బంతి లేచింది, ఎవరో ఫోటోకు పిలిచారు. మాట బాగా సాగుతున్నప్పుడే అలాంటి ఒక ఆపు పట్టుకుని లేవవచ్చు. "కప్పు ఇలా ఇవ్వండి, నేను పెట్టేస్తాను" అంటే చాలు, ఆవిడకు వీలైతే మళ్లీ పిలుస్తారు. ఇంకా మంచిది, వెళ్లే ముందు అటుగా వచ్చిన మరొకరికి అందించి వెళ్లడం. "ఆవిడ ట్రంక్ కాళ్ల కబుర్లు చెబుతున్నారు, మీ నాన్నగారు కూడా టెలిఫోన్స్‌లోనే కదా?" అంటే ఆవిడ ఒంటరిగా మిగలరు, మీరు పారిపోయినట్టూ ఉండదు.

ఫోన్ నంబరు మాత్రం అక్కడికక్కడ అడక్కండి. నిలబెట్టి అడిగితే కాదనలేక ఇస్తారు, ఆ ఇవ్వడంలో ఇష్టమెంతో మీకు తెలియదు. మర్నాడు స్నేహితురాలికి ఫోను చేసి, ఆవిడతో మాట్లాడటం బాగుందని, ఆవిడకు అభ్యంతరం లేకపోతే మళ్లీ ఒకసారి కలుస్తానని చెప్పండి. వద్దనుకుంటే ఆవిడకు కష్టం లేకుండా వద్దనే వీలుంటుంది. ఇంటికి వచ్చాక అతిగా మాట్లాడానేమో, విసిగించానేమో అని నెమరువేసుకునేవాళ్లు ఎరికా బూత్‌బీ బృందం 2018లో ప్రకటించిన ఫలితం గుర్తుపెట్టుకుంటే చాలు. కొత్తవాళ్లతో మాట్లాడి వచ్చినవాళ్లు, ఎదుటివాళ్లకు తాము ఎంత నచ్చామో అంచనా వేసినప్పుడు నిజం కంటే తక్కువగానే వేశారు. కాబట్టి మర్నాడు ఆ ఫోను చెయ్యడానికి వెనకాడనక్కర్లేదు. ఆవిడ అప్పటికే మీ గురించి అడిగి ఉండవచ్చు, "ఆ పీపీ కాల్ అమ్మాయి పేరేమిటే?" అని.